స్టోరు కిటికీ: తొమ్మిది ఉప్పు బస్తాల తఫావతు

పోయిన నెల బిన్ కార్డు గురించి రాసిన తర్వాత ముగ్గురు నలుగురు పిల్లలు ఇంటికే వచ్చారు. అందరూ మన వాడల వాళ్లే. టవల్ మిల్లుల్లో, కుట్టుపని యూనిట్లలో స్టోరు హెల్పర్లుగా కొత్తగా చేరినవాళ్లు. వాళ్ల ప్రశ్న ఒకటే. "మామా, మార్చి ఆఖరుకు స్టాకు లెక్క పెడతం. మేం చేత్తో లెక్కపెట్టిన దానికి, కంప్యూటర్ చూపెట్టిన దానికి కలవదు. వంద ఐటమ్‌లలో తఫావతు వస్తది. ముందు దేన్ని పట్టుకోవాలె?"

ఒక్క మాటలో చెప్పాలంటే, రూపాయల్లో పెద్దదాన్ని పట్టుకోవాలి. వినడానికి ఇది చిన్న మాట. కానీ నాకు ఇది పుస్తకంలో దొరకలేదు. ఒక పిల్లవాడి పగార్ కోసే దాకా వచ్చిన రోజున దొరికింది. ఆ సంగతే ఈ నెల చెబుతాను.

నాలుగేళ్ల కింద నేను సోలాపూర్‌లోనే ఒక టవల్ మిల్లులో స్టోర్‌కీపర్‌ని. పేరు అవసరం లేదు. మా స్టోరు మూడు ముక్కలు: నూలు గోదాం ఒకటి, రంగుఖాతా పక్కన రంగుపొడులూ మందులూ పెట్టే గది ఒకటి, సాంచాల స్పేర్ పార్టుల గది ఒకటి. అన్నీ కలిపి ఆరువందల ఐటమ్‌ల చిల్లర. రంగుల గది మా హెల్పర్ చూసేవాడు. పంతొమ్మిదేళ్ల పిల్లవాడు, తండ్రి లేడు, తల్లి బీడీలు చుడుతుంది. వాడి పగార్ తొమ్మిదిన్నర వేలు.

మార్చి 31 సాయంత్రం ఆరింటికి స్టోరు బంద్ చేసి లెక్క మొదలుపెట్టాం. మొదలుపెట్టే ముందు నేను ఒక కాగితం మీద రెండు నంబర్లు రాసి జేబులో పెట్టుకున్నాను. లోపలికి వచ్చిన సరుకు రసీదుల్లో ఆఖరి నంబరు ఒకటి, బయటికి ఇచ్చిన సరుకు చిట్టీల్లో ఆఖరి నంబరు ఒకటి. చిట్టీల ఆఖరి నంబరు 1186. ఎందుకు రాసుకున్నానో తర్వాత తెలుస్తుంది. ఇంకొక పని కూడా చేశాను. లెక్కపెట్టేవాళ్లకు ఇచ్చిన కాగితాల మీద ఐటమ్ పేరు, చోటు మాత్రమే ఉంచాను. కంప్యూటర్లో ఎంత ఉందో వేయలేదు. వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. రాత్రి పదింటికి నిద్ర మొహంతో ఉన్నవాడు కాగితం మీద 48 అని చూస్తే, రాక్ మీద 46 ఉన్నా 48 అనే రాస్తాడు. వాడిది మోసం కాదు, అలసట.

మరునాడు మధ్యాహ్నానికి లెక్క అయిపోయింది. మునీమ్‌జీ మా అంకెలన్నీ కంప్యూటర్లో కొట్టి, తఫావతు లిస్టు తీశాడు. నూటికి పైగా వరుసలు. మనిషి మంచివాడే, కానీ తొందర ఎక్కువ. లిస్టును తరుగు ఎంత అనే లెక్కన పేర్చాడు, అంటే కిలోలైనా నగలైనా ఏ అంకె పెద్దదైతే అది పైన. అలా పేర్చేసరికి మొదటి వరుసలో ఉప్పు నిలబడింది. నాలుగువందల యాభై కిలోల తరుగు. తొమ్మిది బస్తాలు.

కింద మొత్తం చూస్తే, పెరిగినవీ తరిగినవీ ఒకదాంట్లో ఒకటి పోగా, మిగిలిన తరుగు పాతికవేల చిల్లర. మునీమ్‌జీ రెండు ముక్కలూ కలిపేశాడు. "పాతికవేలు పోయినయి, తొమ్మిది బస్తాలు మాయమైనయి, ఆ గది తాళం ఆ పోరనిదే" అని శేట్ ముందు పెట్టాడు. శేట్ "పగార్ల కోయండి, నెలకు రెండున్నర వేలు, పది నెలలు" అన్నాడు. సాయంత్రానికి ఆ మాట మా గల్లీ దాకా వచ్చింది. వాడి తల్లి మా గడప దగ్గర నిలబడి, "అన్నా, ఉప్పు ఎవలు దొంగతనం చేస్తరు? నా కొడుకు ఉప్పు ఏం చేసుకుంటడు?" అంది.

ఆ మాట సూటిగా తగిలింది. సాంచా మీద పుట్టి పెరిగిన మనకు కిలో నూలుకూ కిలో ఉప్పుకూ తేడా తెలియక కాదు. లిస్టులో అంకెలు పక్కపక్కన పడితే ఆ తేడా కంటికి ఆనదు, అంతే.

మునీమ్‌జీ ఇంకో పని చేయబోతుంటే ఆపాను. ఆ రాత్రికే కంప్యూటర్లో స్టాకు సవరణ కొట్టేస్తానన్నాడు. అది కొడితే కంప్యూటర్ అంకె మన లెక్క అంకెగా మారిపోతుంది, తఫావతు లిస్టు ఖాళీ అవుతుంది. తర్వాత ఎవరు ఏం వెతకాలన్నా ఆనవాలు కష్టంగా దొరుకుతుంది. "శేట్, నాలుగు రోజులు టైం ఇవ్వండి. అప్పటిదాకా సవరణ వద్దు, కోత వద్దు" అని అడిగాను. ఒప్పుకున్నాడు, మొహం ముడుచుకునే.

ఆ రాత్రి లిస్టును ఎక్సెల్‌లోకి తెచ్చుకుని కొత్తగా పేర్చాను. C వరుసలో కంప్యూటర్ అంకె, D వరుసలో మా లెక్క, E వరుసలో ఒక యూనిట్ ధర. తర్వాత రెండు వరుసలు నేను కలిపాను.

```
F2:  =(D2-C2)*E2
G2:  =ABS(F2)
```

F అంటే తఫావతు విలువ రూపాయల్లో. తరుగైతే మైనస్ వస్తుంది, పెరుగైతే ప్లస్. G అంటే అదే విలువ, మైనస్ గుర్తు తీసేసి. పేర్చడం G ప్రకారం చేయాలి, పెద్దది పైన. F ప్రకారం పేరిస్తే పెద్ద తరుగులు ఒక కొసన, పెద్ద పెరుగులు ఇంకో కొసన పడతాయి. మనం ఒక కొసే చూస్తాం, అదీ తరుగు కొస. పెరిగిన సరుకును చూసి శేట్ ఎప్పుడూ కేకలు వేయడు కదా. కానీ స్టోరులో సరుకు దానంతట అది పెరగదు. ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో తప్పు రాశాం అని అర్థం. ఆ తప్పుకు జోడు తరుగు ఇంకెక్కడో ఉంటుంది.

పేర్చాక మొదటి ఆరు వరుసలు, వాటితోపాటు మన ఉప్పు ఇలా వచ్చాయి.

20 నంబరు సింగిల్ నూలు: 200 కిలోల పెరుగు, కిలో 225, విలువ +45,000
16 నంబరు సింగిల్ నూలు: 200 కిలోల తరుగు, కిలో 215, విలువ −43,000
కుట్టుమిషన్ సూదులు: 420 పెరుగు, ధర 90, విలువ +37,800
20 నంబరు డబుల్ నూలు: 120 కిలోల తరుగు, కిలో 230, విలువ −27,600
సాంచా ఎలక్ట్రానిక్ కార్డు: 1 తరుగు, విలువ −18,500
ఫిరోజీ రంగుపొడి: 25 కిలోల తరుగు, కిలో 640, విలువ −16,000
ఉప్పు: 450 కిలోల తరుగు, కిలో 7, విలువ −3,150

ఉప్పు తర్వాత వచ్చినవన్నీ ఒక్కోటి ఐదువందల లోపు చిల్లర. ఈ ఏడు వరుసల్లో ప్లస్‌లూ మైనస్‌లూ కలిపితే 25,450 తరుగు. మునీమ్‌జీ చెప్పిన పాతికవేలు ఇదే. కానీ గుర్తులు తీసేసి కూడితే 1,91,050. అంటే పాతికవేల తప్పు అనుకుంటున్న చోట దాదాపు రెండు లక్షల తప్పులు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి. పైనుంచి ఒక్కొక్కటి పట్టుకున్నాను.

మొదటి రెండూ చూడగానే అనుమానం వచ్చింది. ఒకదాంట్లో సరిగ్గా 200 తరుగు, ఇంకోదాంట్లో సరిగ్గా 200 పెరుగు. దొంగ ఎవడూ 16 నంబరు నూలు ఎత్తుకుపోయి 20 నంబరు తెచ్చి పెట్టడు. గోదాంలోకి పోయి 20 నంబరు బస్తాల మీద లేబుళ్లు, కోన్ల రంగు చూశాను. నూలు మిల్లులు ఒక్కో నంబరుకు ఒక్కో రంగు కొస ఉన్న కాగితపు కోను వాడతాయి, మన వాళ్లకు తెలిసిందే. లెక్కలో తప్పు లేదు, అవన్నీ 20 నంబరువే. అప్పుడు మార్చిలో వచ్చిన బిల్లులు తిరగేశాను. ఒక బిల్లులో నాలుగు బస్తాలు, 200 కిలోలు, 20 నంబరు అని ఉంది. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు జాబితాలో పక్కపక్కనే ఉన్న పేర్లలో 16ను నొక్కారు. నొక్కింది ఎవరని అడక్కండి, ఆ రోజు మునీమ్‌జీ సెలవు, కూర్చున్నది నేనే. తప్పు రసీదు రద్దు చేసి సరిగ్గా ఎక్కిస్తే రెండు వరుసలూ సున్నా అయ్యాయి. ఎనభై ఎనిమిది వేల తఫావతు పోయింది, ఒక్క కోను కూడా కదలకుండా.

మూడోది సూదులు. ఇది యూనిట్ తప్పు. సూదులు పది పది ప్యాకెట్లలో వస్తాయి. కంప్యూటర్లో ఉన్న 50 అంటే 50 ప్యాకెట్లు, 90 రూపాయలు ప్యాకెట్ ధర. మా లెక్కలో ఒకామె శ్రద్ధగా సూదులన్నీ లెక్కపెట్టి 470 అని రాసింది. ఆమె లెక్క కరెక్టే, నేనే కాగితం మీద 'ప్యాకెట్' అని రాయలేదు. అసలు ఉన్నవి 47 ప్యాకెట్లు. తరుగు మూడు ప్యాకెట్లు, 270 రూపాయలు. విలువ ప్రకారం పేర్చిన లిస్టులో పైన ఇలాంటి ఉత్తుత్తి పెద్దవి వస్తూనే ఉంటాయి. డబ్బా ధర నగకు పడ్డా, గ్రాముల అంకె కిలోల్లో పడ్డా ఇంతే. గుర్తుపట్టే ఉపాయం ఏమిటంటే, మన లెక్కను కంప్యూటర్ అంకెతో భాగించి చూడండి. పదికో, పన్నెండుకో, వందకో, వెయ్యికో దగ్గరగా వస్తే సరుకు వెతకొద్దు, యూనిట్ వెతకండి. ఇక్కడ 470ని 50తో భాగిస్తే 9.4.

నాలుగోది, 20 నంబరు డబుల్ నూలు, నన్ను ఒక రోజంతా తిప్పింది. కంప్యూటర్లో 6,000 కిలోలు. మా లెక్కలో మూతి కుట్టిన బస్తాలు 116, యాభై చొప్పున 5,800. విప్పిన బస్తాల విడి కోన్లు కాటా మీద 80. మొత్తం 5,880.

జేబులో పెట్టుకున్న కాగితం ఇక్కడ పనికొచ్చింది. చిట్టీలు 1186 దాకా ఉన్నాయి కదా, కంప్యూటర్లో వరుసగా చూస్తే 1183, తర్వాత 1185. నడుమ 1184 లేదు. సాంచాఖాతా జాబర్‌ని అడిగితే చొక్కా జేబులోంచి తీశాడు. 31వ తారీఖు ఐదు గంటలకు రెండు బస్తాలు తీసుకుపోయాడు, చిట్టీ కంప్యూటర్ టేబుల్ దాకా రాలేదు. వంద కిలోలు తేలాయి. ఇరవై మిగిలాయి.

ఆ ఇరవై దగ్గర జాబర్ నవ్వి, "అది తేమ అన్నా, ఎండకాలం నూలు ఆరిపోతది" అన్నాడు. నిజమే, ఆరుతుంది. పత్తి నూలు వ్యాపారంలో వంద కిలోల ఎండు నూలుకు ఎనిమిదిన్నర కిలోల తేమ ఉండొచ్చని లెక్క, బిల్లు బరువు దాని మీదే. మార్చి ఎండలో మన గోదాంలో గాలి పొడిబారితే తేమ ఐదారు శాతానికి దిగుతుంది, వందకు రెండు మూడు కిలోల బరువు పోతుంది. కానీ తేమ మాట వినగానే ఊరుకోకుండా అది ఎంత మోయగలదో లెక్క వేయాలి. మూతి కుట్టిన బస్తాలను మేం తూచలేదు, యాభై అని లెక్కేసుకున్నాం. కాబట్టి అవి ఎంత ఆరినా మా అంకె మారదు. తూచినవి విడి కోన్లు, ఎనభై కిలోలే. ఎనభైలో ఆరిపోయేది రెండు, మహా అయితే రెండున్నర కిలోలు. మిగతా పదిహేడో పద్దెనిమిదో కిలోలు తేమ కాదు. ఎంత వెతికినా అవి దొరకలేదు. చిట్టీ లేకుండా విడి కోన్లు పోయి ఉంటాయి, మిల్లులోకో, బయటికో చెప్పలేను. నాలుగు వేల పైచిలుకు నిజమైన తరుగు అని రాశాను, కారణం గడిలో 'తెలియలేదు' అని రాశాను. తేమ అని రాస్తే ఎవరూ అడిగేవారు కాదు. కానీ వచ్చే ఏడాది విడి కోన్లు మళ్లీ తగ్గితే, ఇది మొదటిసారి కాదని తెలియాలంటే ఆ మాటే ఉండాలి.

ఐదోది, సాంచా కార్డు. రాక్ మీద ఒకటే ఉంది, కంప్యూటర్లో రెండు. గేటు దగ్గర తిరిగొచ్చే సరుకు పాస్ బుక్కు చూస్తే మూడు వారాల కింద రిపేరుకు పుణే పోయింది, ఇంకా రాలేదు. రిపేరు వాళ్లకు ఫోన్ చేసి వాళ్ల దగ్గరే ఉందని కాగితం మీద రాయించుకున్నాను. సరుకు మనదే, చోటు మాత్రం వేరు. ఇలాంటి వాటికోసం లెక్క మొదలుపెట్టే ముందే ఆ పాస్ బుక్కు తిరగేయాలి. నేను మరిచిపోయాను.

ఇక ఆరోది, ఫిరోజీ రంగు. హెల్పర్ పిల్లవాడికి అసలు గండం ఇదే, ఉప్పు కాదు. మునీమ్‌జీ లిస్టులో ఇది ఎంత కిందికి పడిందంటే ఎవరూ చూడనేలేదు. పాతిక కిలోలంటే మూతి కట్టిన ఒక నిండు సంచి. సంచిలో కొంచెం తగ్గితే వాడకంలో తేడా అనుకోవచ్చు. నిండు సంచి మాయమైతే రెండే దారులు. పోయిందన్నా అయి ఉండాలి, రానే లేదన్నా అయి ఉండాలి. వాణ్ణి అడిగితే తల వంచుకుని, "మామా, నేను చూసినప్పటి నుంచి మూడు సంచులే" అన్నాడు. మాట నమ్మాను, కానీ శేట్‌కు నా నమ్మకం పనికిరాదు.

ముందు వాడకం వైపు నుంచి చూశాను. రంగు మాస్టర్ దగ్గర ప్రతి లాటుకూ రంగు కలిపిన లెక్క ఉంటుంది. ఫిరోజీ టవళ్లకు సరుకు బరువులో రెండు శాతం రంగు. ఐదువందల కిలోల లాటుకు పది కిలోలు. జనవరి నుంచి మార్చి దాకా మూడు లాట్లు, ముప్పై కిలోలు. మా చిట్టీల్లో ఇచ్చిందీ సరిగ్గా ముప్పై. అంటే చిట్టీ లేకుండా రంగుఖాతా ఎక్కువ వాడలేదు.

తర్వాత వచ్చిన వైపు. జనవరి ఒకటిన పాత సంచిలో ఐదు కిలోలు మిగిలి ఉన్నాయి. ఫిబ్రవరిలో ఒక బిల్లు మీద నాలుగు సంచులు, వంద కిలోలు. ఐదూ వందా కలిపి ముప్పై తీస్తే డెబ్బై ఐదు, కంప్యూటర్ అంకె అదే. మూడు సంచులే వచ్చి ఉంటే ఐదూ డెబ్బై ఐదూ కలిపి ముప్పై తీస్తే యాభై. రాక్ మీద ఉన్నది యాభై.

గేటు వాచ్‌మన్ రిజిస్టరు తెప్పించాను. ఆయన మరాఠీలో రాస్తాడు, చేతిరాత కోడి గీరినట్టు. ఫిబ్రవరి పేజీలో ఆ రంగుల కంపెనీ పేరు, పక్కన 3. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల బిల్టీ మీద కూడా మూడు నగలే. బిల్లు మాత్రం నాలుగుకు వచ్చింది. ఆఫీసులో బిల్లు చూసి 100 కిలోలు ఎక్కించారు, గేటు రిజిస్టరు చూడలేదు. ఆ పదహారు వేలు మా స్టోరులోకి ఎప్పుడూ రానే లేదు. బిల్టీ కాపీ పెట్టి రంగుల కంపెనీకి ఉత్తరం రాస్తే, రెండు నెలల తర్వాత వచ్చిన బిల్లులో తగ్గించారు.

నాలుగో రోజు ఈ కాగితాలన్నీ శేట్ టేబుల్ మీద పెట్టాను. రెండు లక్షల తప్పుల్లో నిజంగా లోపల తరిగింది నూలులో ఇరవై కిలోలు, మూడు సూదుల ప్యాకెట్లు, తొమ్మిది ఉప్పు బస్తాలు. తేమతో సహా మొత్తం ఎనిమిది వేల ఇరవై రూపాయలు. శేట్ చాలాసేపు బిల్టీ కాగితమే చూశాడు. తర్వాత మునీమ్‌జీతో "కోత రద్దు" అన్నాడు. క్షమాపణ లాంటిదేమీ జరగలేదు.

పగార్ కోత గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి, మన పిల్లలకు ఇది తెలియదు. అప్పగించిన సరుకు పోతే కోయడానికి చట్టంలో దారి ఉంది, లేదని కాదు. కానీ అది ఆ మనిషికే ప్రత్యేకంగా అప్పగించిన సరుకై ఉండాలి, అతని నిర్లక్ష్యం వల్లో తప్పు వల్లో నేరుగా పోయి ఉండాలి, పోయినదానికి మించి కోయకూడదు. అన్నిటికన్నా ముందు, ఎందుకు కోయకూడదో చెప్పుకునే అవకాశం అతనికి ఇవ్వాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఇది ఉండేది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంచారు. మా పిల్లవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. లిస్టులో పై వరుస చూసి తీర్పు అయిపోయింది.

ఈ పద్ధతి అన్నిటినీ పట్టేస్తుందని మాత్రం అనుకోవద్దు. ధర గడిలో సున్నా ఉన్న ఐటమ్ ఎన్ని పోయినా విలువ సున్నాయే, లిస్టు అడుగున పడుకుంటుంది. వారంటీలో ఉచితంగా మార్చి ఇచ్చిన పార్టులు, కంపెనీలు శాంపిల్‌గా ఇచ్చిన రంగులు ఇలాగే ఉంటాయి. అందుకే పేర్చే ముందు E వరుసలో సున్నాలు ఎన్ని ఉన్నాయో వెతికి, వాటికి బజారు ధర వేయాలి. ఇంకొకటి, నలభై రూపాయల స్ప్రింగు లేక సాంచా ఒక షిఫ్టు నిలబడిపోతుంది. అలాంటివి విలువలో ఎప్పటికీ పైకి రావు. జాబర్లను అడిగి ఒక ఇరవై ముప్పై పేర్లు విడిగా రాసుకున్నాను, ధర ఎంతైనా అవి ప్రతిసారీ మళ్లీ లెక్కపెట్టేవాళ్లం.

ఉప్పు సంగతి చెప్పలేదు కదా. రంగు నూలుకు పట్టడానికి నీళ్లలో ఉప్పు కలుపుతారు, లాటుకు బస్తాల కొద్దీ పడుతుంది. రాత్రి షిఫ్టులో స్టోరుకు తాళం ఉంటుందని రంగుఖాతా వాళ్లు పగలే మా పిల్లవాణ్ణి బతిమాలి రెండు మూడు బస్తాలు బయట వరండాలో పెట్టించుకునేవాళ్లు. చిట్టీ "రేపు ఇస్తాం" అనేవాళ్లు. ఇది మాత్రం వాడి తప్పే, వాడికీ తెలుసు. మూడు నెలల్లో తొమ్మిది బస్తాల చిట్టీలు రాలేదు. మూడు వేల ఉప్పు కోసం వాడి మీద పాతికవేలు పడబోయింది.

ఆ తర్వాత వాడు వరండా గోడకు ఒక మేకు కొట్టి చిట్టీ పుస్తకం, దారానికి పెన్నూ వేలాడదీశాడు. బస్తా ఎత్తేవాడు అక్కడే రాసి చింపి మేకుకు గుచ్చిపోవాలి. పెన్ను మూడుసార్లు పోయింది. జూన్ లెక్కలో ఉప్పు తరుగు ఒక బస్తా, లిస్టులో నలభయ్యో వరుసలో ఎక్కడో పడింది.